లిఫ్టులో నవ్వితే ఆవిడ మొహం తిప్పేసుకుంది

"మాది నంద్యాల. పెళ్లయ్యాక బెంగళూరు మారతహళ్లిలో ఒక అపార్ట్‌మెంట్‌కి వచ్చాం. లిఫ్టులో ఎవరు కనిపించినా నవ్వుతాను. అందరూ ఫోన్‌లో తల దూర్చేస్తారు. తొమ్మిదో అంతస్తు ఆవిడయితే నన్ను చూసి మరీ మొహం తిప్పేసుకుంది. కన్నడ రాదని చిన్నచూపా? మా ఆయనేమో 'నవ్వడం మానెయ్, మగవాళ్లు వేరేలా అనుకుంటారు' అంటున్నారు. లిఫ్టు ఎక్కాలంటేనే టెన్షన్."

ఆవిడ మిమ్మల్ని చూసిందిగా, పలకరింపు ఆ చూపులోనే అయిపోయింది. ముక్కూమొహం తెలియనివాళ్లు ఒకేచోట ఉండాల్సి వస్తే ఒక్కసారి చూసి, వెంటనే చూపు తిప్పేస్తారని సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లోనే రాశారు. 'మీరున్నారని చూశాను, మీ జోలికి రాను' అని దానర్థం. అదొక మర్యాద. మన వీధిలో ఎదురొచ్చే మనిషి దూరం నుంచే కనిపిస్తాడు, పలకరించి ముందుకు సాగిపోవచ్చు. లిఫ్టులో నవ్వితే మాట కలపాలేమో, కలిపితే తొమ్మిదో అంతస్తు దాకా ఏం మాట్లాడాలో అని చాలామందికి బెరుకు.

చిన్నచూపో కాదో తేల్చుకోవాలంటే ఆవిడ మిగతావాళ్లతో ఎలా ఉంటుందో గమనించండి. అందరి దగ్గరా అంతే అయితే అది ఆవిడ తీరు. మీరు పరుగున వస్తుంటే తలుపు మూసుకోకుండా ఆపిందంటే ఇక అనుమానమే అక్కర్లేదు. పక్కవాళ్లతో కబుర్లాడుతూ మిమ్మల్ని చూడగానే బిగుసుకుపోతే, అదీ ప్రతిసారీ అయితే, మీ అనుమానం నిజం కావచ్చు. అప్పుడు మీరు సరిచేయగలిగింది పెద్దగా ఏమీ లేదు, వదిలేయండి.

మీరు మార్చాల్సింది నవ్వే సమయం. తలుపు తెరుచుకున్నప్పుడే కొద్దిగా తల ఊపి లోపలికెళ్లి, తలుపు వైపు తిరిగి నిలబడండి. సగం దారిలో నవ్వితే అవతలివాళ్లకు జవాబు చెప్పాల్సిన పని పడుతుంది. బటన్ల దగ్గర మీరుంటే "ఎష్టనే ఫ్లోర్?" అని అడిగి నొక్కండి. ఆ మాత్రం కన్నడ చాలు.

మీవారి భయం పూర్తిగా ఉత్తదేమీ కాదు, కానీ దానికి అందరితో నవ్వు మానేయాలా? మగవాళ్ల దగ్గర తల ఊపి చూపు తిప్పేస్తే మాట అక్కడితో ముగిసినట్టే. నవ్వుతూ చూపు అలాగే నిలిపితేనే కొందరు చనువనుకుంటారు. ఎవరైనా ఫ్లాట్ నంబరు, ఆఫీసు ఆరా తీస్తే పొడిగా "ఊఁ" అని, మర్నాటి నుంచి ఆ తల ఊపడమూ మానెయ్యండి. మీరొచ్చే వేళకే కాచుకుని లిఫ్టెక్కుతుంటే మాత్రం మీవారికి, అసోసియేషన్‌కి చెప్పండి.

నవ్వాలన్న ముచ్చట కిరాణా కొట్లో తీర్చుకోండి, అక్కడ మాట్లాడ్డానికి కారణం ఉంటుంది. కెనడాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు గిలియన్ శాండ్‌స్ట్రమ్, ఎలిజబెత్ డన్ ఒక కాఫీ షాపు దగ్గర పరీక్షించి చూశారు. కౌంటర్‌లోని మనిషి కళ్లలోకి చూసి నవ్వి రెండు మాటలాడినవాళ్లు, గబగబా కొనుక్కుని వచ్చేసినవాళ్లకంటే హుషారుగా ఉన్నారట. మనమేమో స్కాన్ చేసి, డబ్బులు పడ్డాయని డబ్బా అరవగానే తల ఎత్తకుండా వచ్చేస్తున్నాం. డబ్బులు కట్టాక ఒకసారి అతని మొహం చూసి, వెళ్లొస్తానన్నా అన్నట్టు కన్నడలో "బర్తీని అణ్ణా" అనండి. మారతహళ్లి కదా, జవాబు తెలుగులోనే వచ్చినా రావచ్చు.