మేఘాన్ని చూడటానికి జుట్టు పైకెత్తిన స్త్రీలు: ఒక యువ అనువాదకునికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

కాళిదాసు మేఘదూతంలోని మొదటి భాగం పూర్వమేఘానికి నువ్వు చేసి పంపిన అనువాదాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ తెలుగు ఒక్కటే చదివాను. రెండోసారి కాళిదాసు శ్లోకాలనూ మల్లినాథసూరి వ్యాఖ్యనూ పక్కన పెట్టుకుని చదివాను. అర్థం ఎక్కడా తప్పలేదు. కానీ మొదటిసారి చదివినప్పుడు నాకు మేఘం కనిపించిందే తప్ప, దాన్ని చూసి ఎవరికి ఏమైందో తెలియలేదు. ఉత్తరం చివర నువ్వు అడిగిన ప్రశ్నకూ దీనికీ సంబంధం ఉంది. మేఘం, తామర, చంద్రుడు ఇప్పటి పాఠకులకు అరిగిపోయిన మాటలు కదా, వాటి స్థానంలో నేటి జీవితంలోని వస్తువులను పెట్టవచ్చా అని అడిగావు. పెట్టవద్దు. ఆ మాటలు అరిగిపోయింది మనం వాటి రూపాన్ని మాత్రమే మోస్తూ వచ్చినందువల్ల. పాత కవుల దగ్గర అవి ఊరికే అందంగా ఉండటానికి రాలేదు. ప్రతిదీ ఒక పని చేయడానికి వచ్చింది. అనువాదకుడు ఆ పనిని పట్టుకుంటే రూపం దానంతట అదే వెంట వస్తుంది.

ఎనిమిదో శ్లోకాన్నే తీసుకుందాం. ‘త్వామారూఢం పవనపదవీముద్గృహీతాలకాంతాః, ప్రేక్షిష్యంతే పథికవనితాః’ అని మొదలవుతుంది. చాలా ఏళ్ల క్రితం నేను దీన్ని మొదటిసారి తెలుగు చేసినప్పుడు, ‘కురులు సవరించుకుంటూ పథికుల వనితలు నిన్ను చూస్తారు’ అని రాశాను. చదవడానికి హాయిగా ఉందని మురిసిపోయాను కూడా. సంస్కృతం రాని ఒక పెద్దావిడకు చదివి వినిపిస్తే, ‘వాళ్లంతా ఎక్కడికి ముస్తాబవుతున్నారు?’ అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో నా తప్పు నాకు తెలిసింది. మూలంలో ఉన్నది సవరించుకోవడం కాదు, ఎత్తి పట్టుకోవడం. ఆ కాలపు ఆచారంలో భర్త దూరదేశంలో ఉన్న స్త్రీ తల దువ్వుకోదు, పూలు పెట్టుకోదు. జుట్టు ముఖం మీద పడి ఉంటుంది. ఆకాశంలో ఏదో కదిలిందని తెలిసి చూడాలంటే, కళ్లకు అడ్డుపడే ఆ జుట్టును చేత్తో పైకి తీయాలి. ఆమె ఎన్ని నెలలుగా ఎలా బతుకుతోందో ఆ చేతి కదలికే చెబుతుంది. నేను రాసిన ‘సవరించుకుంటూ’ అనే మాట దానిని సరిగ్గా తలకిందులు చేసి, ఎడబాటును అలంకారంగా మార్చింది. నీ అనువాదంలో ఉన్న ‘ముంగురులు తొలగించుకుని’ నా మాటకన్నా మెరుగే గానీ, ‘ముంగురులు’ అనగానే దువ్వి తీర్చిన తలే మనసులోకి వస్తుంది.

ఇక ఆ స్త్రీలు మేఘాన్నే ఎందుకు చూడాలి? వానాకాలంలో నదులు పొంగి, దారులు బురదై ప్రయాణాలు ఆగిపోయేవి. అందువల్ల వర్తకానికో కొలువుకో వెళ్లినవాడు వానలు పడకముందే ఇల్లు చేరాలి, లేదంటే ఆ నాలుగు నెలలూ పరాయిచోట చిక్కుబడాలి. కాబట్టి మొదటి మేఘం ఒక గడువు. అది కనిపించిందంటే, మనిషి ఇప్పటికే దారిలో ఉండి ఉండాలి. శ్లోకంలో ‘ప్రత్యయాత్’ అన్నది ఆ నమ్మకాన్నే. మేఘం అందంగా ఉందనో నల్లగా ఉందనో వాళ్లు చూడటం లేదు, ఒకరి రాకను లెక్క కట్టుకుంటున్నారు. నేటి తెలుగు పాఠకుడికి వాన తెలుసు, ఎండలు తగ్గిన సుఖం తెలుసు, ఈ గడువు మాత్రం తెలియదు. అతడికి అందించవలసింది అదొక్కటే. ఇదే శ్లోకాన్ని నువ్వు ఇంగ్లీషులోకి కూడా తీసుకెళ్తానన్నావు. అక్కడ మరో అడుగు వేయాలి, ఎందుకంటే చలిదేశపు కవిత్వానికి అలవాటుపడిన పాఠకుడికి మబ్బు పట్టిన ఆకాశం దిగులుకు గుర్తు. మండిపోయిన నేల మీదికి ఆ మబ్బు వస్తోందన్న సంగతి అంతకుముందే ఎక్కడో అతడి చెవిన పడాలి.

ఈ సంగతులను అధోజ్ఞాపికలో పెట్టవద్దని నా అభిప్రాయం. పాఠకుడు కిందికి దిగి చదివి మళ్లీ పైకి వచ్చేలోగా ఊపిరి తెగిపోతుంది. వాక్యంలోనే రెండు మూడు మాటలు కలుపు. ‘దువ్వెన ఎరుగని జుట్టు’ అంటే చాలు, ఎడబాటు ఆచారమంతా అందులోనే తెలిసిపోతుంది. ‘వానలు దిగేలోగా వచ్చేస్తారు’ అంటే గడువు తెలిసిపోతుంది. అంతకు మించి కలిపితే అది వ్యాఖ్యానమవుతుంది.

తెలుగులోకి తెచ్చేవారికి ఉన్న ఒక ప్రమాదం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మనకు సంస్కృత పదాలను ఉన్నవి ఉన్నట్టు దించుకునే వీలుంది, అందుకే అనువదించకుండానే అనువదించామనుకుంటాం. ఈ ఒక్క శ్లోకంలోని మాటలే చూడు. ‘ప్రత్యయం’ అంటే ఇవాళ మనకు వ్యాకరణంలోని ప్రత్యయమే. ‘సన్నద్ధే’ అనే మాటలో కవచం తొడుక్కుని నిలబడిన యోధుడు ఉన్నాడు, కానీ ‘సన్నద్ధం’ పత్రికల శీర్షికల్లో తిరిగి తిరిగి ఏ పనికైనా సిద్ధం కావడమన్న అర్థంలో స్థిరపడింది. ‘ఉపేక్షించడం’ అనగానే అధికారుల హెచ్చరిక గుర్తుకొస్తుంది. నువ్వు ఈ మూడింటినీ అలాగే ఉంచావు. అక్షరాలు కాళిదాసువే అయినా చెవికి వినిపిస్తున్నది వేరొకరి గొంతు. తత్సమాలన్నీ తీసేయమని నేను అనడం లేదు. విరహం అనే మాటకు బతికున్న అర్థం ఉంది, దాన్ని ఉంచుకోవచ్చు. ఒక్కొక్క మాటనూ పట్టుకుని, ఇవాళ ఇది ఎవరి నోట ఏ సందర్భంలో వినిపిస్తోందని అడిగి చూసుకోవాలి.

శ్లోకం రెండో సగంలో మరో మెలిక ఉంది. మేఘం నడుం కట్టి దిగాక భార్యను పట్టించుకోనివాడు ఎవడుంటాడని, ఆ మేఘంతో తన భార్యకు కబురు పంపుతున్న యక్షుడు అడుగుతాడు, ఆ తరువాతే తనలాంటి పరాధీనుడు తప్ప అంటాడు. అంటే అంతసేపూ ఇతరుల భార్యల ఆశను తలచుకుని, చివరి పాదంలో ఒక్కసారిగా తన దగ్గరికి వస్తున్నాడు. వాళ్ల భర్తలు వస్తారు, తాను వెళ్లలేడు. శ్లోకంలోని బాధంతా ఆ క్రమంలోనే ఉంది. తెలుగు వాక్యం సహజంగా క్రియతో ముగుస్తుంది కాబట్టి, ‘నావంటి పరాధీనుడు తప్ప ఎవడు ఉపేక్షిస్తాడు?’ అని నువ్వు రాశావు. వ్యాకరణం సరిగానే ఉంది, కానీ దెబ్బ ముందే తగిలిపోయి, తరువాత వచ్చే ప్రశ్నకు బలం లేకుండా పోయింది. మన మాటల్లో ‘తప్ప’ను చివరికి నెట్టే అలవాటు ఉంది. దాన్ని వాడుకో. నేను చివరికి ఇలా రాసుకున్నాను:

‘గాలిదారి ఎక్కి నువ్వు వస్తుంటే, దూరదేశం వెళ్లినవాళ్ల ఇల్లాళ్లు దువ్వెన ఎరుగని జుట్టు కళ్ల మీంచి ఎత్తి పట్టుకుని నిన్ను చూస్తారు. వానలు దిగేలోగా వచ్చేస్తారులే అని ఊపిరి పీల్చుకుంటారు. నువ్వు నడుం కట్టి దిగాక, ఎడబాటుతో కుంగిపోతున్న ఇల్లాలిని పట్టనట్టు ఎవడుండగలడు, నాలా ఒకరి చెప్పుచేతల్లో బతికేవాడు తప్ప?’

ఇందులో మూలంలోని మందాక్రాంత వృత్తం పోయింది. పాదానికి పదిహేడు అక్షరాలు, మొదట నాలుగు గురువులు నెమ్మదిగా, తరువాత ఐదు లఘువులు గబగబా, ఆపైన మళ్లీ నిదానం. బరువెక్కిన మేఘపు నడకలాంటి ఆ నడకను వచనంలో నేను నిలుపుకోలేకపోయాను. వాక్యాన్ని మూడు ఊపిర్లుగా విరవడం వరకే చేయగలిగాను. పద్యం చేయి తిరిగినవాడివి కనుక నువ్వు తెలుగు మందాక్రాంతలోనే ప్రయత్నించవచ్చు, కానీ గణాలు నింపడం కోసం ‘దువ్వెన ఎరుగని’ లాంటి మాట జారిపోయే పరిస్థితి వస్తే, ఛందస్సునే వదులుకో.

తామర విషయంలో నీ పొరపాటు చిన్నదే, దిద్దుకోవడం తేలిక. పద్మం, కమలం, పంకజం పగటి పూలు, సూర్యుడితో విచ్చుకుంటాయి. కుముదం రాత్రి పువ్వు, అది చంద్రుడి కోసం ఎదురుచూస్తుంది. నువ్వు అన్నింటికీ తామర అనే రాశావు. శాకుంతలం ఐదో అంకంలో శకుంతలను నిరాకరిస్తూ దుష్యంతుడు ‘కుముదాన్యేవ శశాంకః సవితా బోధయతి పంకజాన్యేవ’ అంటాడు. చంద్రుడు కలువలనే మేలుకొలుపుతాడు, సూర్యుడు తామరలనే. పరాయివాడి భార్యను తాను తాకనని చెప్పడానికి అతడు తెచ్చుకున్న పోలిక ఇది. రెండు పూలకూ ఒకే పేరు పెడితే వాదమే కూలిపోతుంది. మనకు తామర, కలువ అని రెండు చక్కని మాటలు ఉన్నాయి, ఆ అదృష్టాన్ని పోగొట్టుకోవద్దు. ఇంగ్లీషులో లోటస్, లిల్లీ అంటే తేడా తెలియదు, అక్కడ పగటి పువ్వు, రాత్రి పువ్వు అని విప్పి చెప్పడమే మంచిది.

చంద్రుడి దగ్గర చూడవలసింది పేరు. సంస్కృత కవి చాలాచోట్ల చంద్రుడికి ఉన్న అనేక నామాల్లోంచి ఆ సందర్భానికి కావలసినదాన్ని ఎంచుకుంటాడు. అదే నాటకం మూడో అంకంలో ప్రేమతో వేగిపోతున్న దుష్యంతుడు, చంద్రుడు శీతరశ్మి అన్నమాట తనవంటివాళ్ల విషయంలో అబద్ధమంటాడు. మంచును కడుపులో పెట్టుకున్న కిరణాలతోనే ఆ చంద్రుడు నిప్పు కురిపిస్తున్నాడట. ఇక్కడ ‘చంద్రుడు నన్ను కాలుస్తున్నాడు’ అని రాస్తే అది అతిశయోక్తిగా మిగిలిపోతుంది. ‘చల్లనివాడని పేరు’ అన్నమాట ముందు పడాలి, నిప్పు తరువాత రావాలి. ఎండకు మాడిన దేశంలో వెన్నెల ఒక ఉపశమనమని, ఆ ఉపశమనం కూడా ఇతడికి దక్కలేదని అప్పుడు పాఠకుడికి అందుతుంది. అయితే అన్నిచోట్లా ఇంత శ్రమ అక్కర్లేదు. ‘చంద్రముఖి’ లాంటి సంబోధన శ్లోకంలో ఏ పనీ చేయకుండా ఊరికే నిలబడి ఉంటే, ‘ఓ అందగత్తె’ అనుకునో, అసలు వదిలేసో ముందుకు సాగిపో. పని లేని పోలికను మోసుకొచ్చినందువల్లనే పనిచేసే పోలిక కూడా పాఠకుడి కంటికి ఆనకుండా పోతోంది.

నువ్వు దిద్దిన ప్రతిని పంపేముందు మూలం తెలియని ఎవరికైనా ఎనిమిదో శ్లోకం చదివి వినిపించి, ఆ ఆడవాళ్లు దేనికోసం చూస్తున్నారని అడుగు. మబ్బు కోసం అని జవాబు వస్తే ఇంకా పని మిగిలి ఉన్నట్టు. మొగుళ్ల కోసం అని వస్తే తొమ్మిదో శ్లోకానికి వెళ్లు.

ఉత్తరమేఘంలో చివరికి వచ్చేసరికి, ‘శేషాన్మాసాన్ గమయ చతురో లోచనే మీలయిత్వా’ అన్న పాదం నీకు ఎదురవుతుంది. యక్షుడు భార్యకు పంపే కబురు అది. అక్కడ మాత్రం ఏ మార్పూ చేయకు, ఏ మాటా కలపకు. ‘మిగిలిన నాలుగు నెలలూ కళ్లు మూసుకుని గడిపెయ్’ అని మన ఇళ్లలో ఇవాళ్టికీ అంటూనే ఉన్నాం.

ఇట్లు,
నీ క్షేమం కోరే
పెద్దవాడు