గ్లాసులో మజ్జిగ పెరిగిందని పట్టేసే అమ్మాయికి ఏ పని?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. సినిమా చూస్తూ మధ్యలో ఆపేసి, "నాన్నా, ఇందాక గ్లాసు సగమే ఉంది, ఇప్పుడు నిండింది చూడు" అంటుంది. అంతమంది పనిచేసే చోట ఇలాంటి తప్పులెందుకు జరుగుతాయి? వీటిని చూసుకునే ఉద్యోగం ఏమైనా ఉందా?

జవాబు: ఉందండీ. ఆ పని చేసేవారిని స్క్రిప్ట్ సూపర్‌వైజర్ అంటారు. హాలీవుడ్‌లో, ముంబైలో అది విడిగా ఒక ఉద్యోగం. మన తెలుగు షూటింగుల్లో మాత్రం ఎక్కువగా డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో ఒక అసిస్టెంట్‌కు "కంటిన్యూటీ నువ్వు చూసుకో" అని, అంటే ఒక షాట్‌కూ ఇంకో షాట్‌కూ ఇలాంటి తేడాలు రాకుండా చూడమని, అప్పగిస్తారు. కెరీర్ సలహాల వైపు రాకముందు కొన్నేళ్లు నేనూ ఆ వివరాలు రాసుకునే పుస్తకం పట్టుకుని తిరిగాను.

మీరు చెప్పిన గ్లాసు సంగతే చూద్దాం. తండ్రి, కొడుకు భోజనం చేస్తున్నారు. "రేపే వెళ్తున్నా" అని చెప్పి కొడుకు మజ్జిగ తాగుతాడు. తెర మీద అది అర నిమిషం. సెట్‌లో మాత్రం ముందు ఇద్దరూ కనిపించే వైడ్ షాట్ తీస్తారు, తర్వాత తండ్రి ముఖం, ఆ తర్వాత కొడుకు ముఖం. ప్రతి షాట్‌కూ లైట్లు మార్చాలి. కెమెరాకు అడ్డొస్తే బల్ల జరుపుతారు, కంచాలు తీసి పక్కన పెడతారు. వైడ్ షాట్ ఉదయం పదింటికి అయితే, కొడుకు క్లోజప్ మధ్యాహ్నం భోజనాల తర్వాత పడొచ్చు. ఒక్కో షాట్‌కు నాలుగైదు టేకులు, ప్రతి టేకుకూ గ్లాసు మళ్లీ నింపాలి.

వైడ్‌లో నటుడు "రేపే" అన్న మాట దగ్గరే గ్లాసు ఎత్తాడనుకోండి. క్లోజప్‌లో అదే డైలాగ్ బాగా పండి, చెప్పడం పూర్తయ్యాక ఎత్తాడు. రెండూ విడివిడిగా చక్కగానే ఉంటాయి. ఎడిటర్ వాటిని కలిపినప్పుడే చిక్కు. చేయి ఒక షాట్‌లో పైన, వెంటనే తర్వాతి షాట్‌లో కింద. అందుకే కంటిన్యూటీ చూసేవాళ్లు గ్లాసు ఒక్కటే చూస్తే సరిపోదు. ఏ మాట దగ్గర, ఏ చేత్తో, ఎంత నిండిన గ్లాసు ఎత్తాడన్నది స్క్రిప్ట్‌లో ఆ డైలాగ్ పక్కనే రాసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యమైన క్షణం డైరెక్టర్ "కట్" అన్న వెంటనే వచ్చేది. ఎవరూ కదలకముందే ఫొటో తీయాలి. పది సెకన్లు ఆలస్యమైతే నటుడు చొక్కా చేయి పైకి మడుచుకుంటాడు, ఇక ఆ ఫొటో తీసినా లాభం లేదు. కంచాలు, గ్లాసులు ఉన్న చోట బల్ల మీద చిన్న టేపు ముక్క అంటిస్తే, తీసినవి మళ్లీ అక్కడే పెట్టొచ్చు.

స్క్రిప్ట్ పేజీ మీద ప్రతి షాట్‌కూ పైనుంచి కిందికి ఒక గీత కూడా గీస్తారు. మాట్లాడే మనిషి కెమెరాకు కనిపిస్తున్నంత మేర తిన్నగా, కనిపించని చోట వంకరటింకరగా. ఏ డైలాగ్ ఏ షాట్‌లో ఉందో ఎడిటర్‌కు ఆ పేజీ చూడగానే తెలిసిపోతుంది.

ఇంకో రకం తప్పు రోజుల మధ్య దూరుతుంది. గుమ్మం బయటి సీను పల్లెటూళ్లో, లోపలిది రెండు నెలల తర్వాత సెట్‌లో తీస్తారు. కథలో మధ్య దూరం రెండు అడుగులే. నేను పనిచేసిన ఒక సినిమాలో హీరో బయట వాచీ పెట్టుకుని ఉన్నాడు, లోపలికి వచ్చేసరికి లేదు. ఫొటో ఉంది కానీ అందులో చేయి జేబులో ఉంది! అప్పటి నుంచి ముఖం, రెండు చేతులు, కాళ్లు విడివిడిగా తీసేవాణ్ని. ప్రతి సీనూ కథలో ఎన్నో రోజున జరుగుతుందో ముందే పట్టిక వేసుకుని, బట్టలు, గడ్డం, గాయం దాని ప్రకారం రాసుకోవాలి.

ఇంత చేసినా కొన్ని తప్పులు తెలిసే ఉంచేస్తారు. ప్రసిద్ధ ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఎక్కడ కట్ చేయాలో చెబుతూ, భావోద్వేగానికి 51 శాతం బరువిచ్చి, మనుషులు, వస్తువులు ఉన్న చోటు సరిపోవడానికి 4 శాతమే ఇచ్చారు. నటన పండిన టేకులో గ్లాసు తేడా ఉన్నా ఆ టేకే వాడతారు, అది సరైన నిర్ణయమే. కాబట్టి మీ అమ్మాయి పట్టుకునే వాటిలో కొన్ని ఎవరూ చూడక జరిగినవి కావు. ఏ తేడాకు షూటింగ్ ఆపాలి, దేన్ని వదిలేయాలి అన్నదే ఈ పనిలో కష్టమైన భాగం.

తప్పు పట్టే కన్ను ఆమెకు ఉంది. తప్పు జరగకముందే ఆపగలదా అని చూడటానికి ఈ సెలవుల్లో ఒక పని చేయించండి. ఇద్దరు స్నేహితులు టీ తాగుతూ మాట్లాడుకునే ఒక నిమిషం సీను రాసి, ఫోన్‌తో వైడ్, రెండు క్లోజప్‌లు వేర్వేరు రోజుల్లో తీయమనండి. తర్వాత ఫోన్‌లోనే ఎడిట్ చేయాలి. కప్పు, చేయి, జుట్టు కలవకపోతే తన నోట్సులో ఏది రాసుకోలేదో తనకే తెలుస్తుంది. అది విసుగు లేకుండా మళ్లీ తీస్తే డిగ్రీ పూర్తి చేయనివ్వండి. పుణేలోని ప్రభుత్వ సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో డైరెక్షన్, ఎడిటింగ్ కోర్సులకు డిగ్రీ ఉండాలి. చదువు అక్కర్లేదనుకుంటే షార్ట్ ఫిల్మ్‌లకు కంటిన్యూటీ చూస్తూ, ఆ ఫొటోలు, గీతలు గీసిన స్క్రిప్ట్ పేజీలు దాచుకోమనండి. అసిస్టెంట్‌గా అడగడానికి వెళ్లినప్పుడు చూపించాల్సింది ఆ పేజీలే.