హాస్టల్లో ఉన్న అమ్మాయికి మొదటి నెలసరి గురించి ఉత్తరంలో ఏం రాయాలి?

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు నిండాయి. గురుకులంలో ఆరో తరగతి చదువుతోంది. ఏడాది క్రితం ఛాతీ పెరగడం మొదలైంది. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు లోదుస్తులకు తెల్లగా అంటుకుని ఉండటం చూశాను. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలంటే నాకే మొహమాటం. ఉత్తరం రాసి బ్యాగులో పెడదామని ‘ఒంట్లోని చెడు రక్తం బయటకు పోతుంది, భయపడకు’ అని రాసి ఆగిపోయాను. ఇంకేం రాయాలి? ఇప్పుడే చెబితే తొందరవుతుందా?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: తొందరేమీ కాదు. ఛాతీ పెరగడం మొదలైన రెండు, రెండున్నరేళ్లకు సాధారణంగా మొదటి నెలసరి వస్తుంది. దానికి ఆరు నెలల నుంచి ఏడాది ముందు ఆ తెల్లని ద్రవం కనిపిస్తుంది. దురద, దుర్వాసన లేకపోతే దానికి మందులేమీ అక్కర్లేదు. మీరు చెప్పిన లెక్క ప్రకారం మీ పాపకు మరో ఏడాదిలోపే రావచ్చు, ఇంకాస్త ముందే వచ్చినా ఆశ్చర్యం లేదు. అది హాస్టల్లో ఉన్నప్పుడే జరిగే అవకాశం ఎక్కువ కాబట్టి ఉత్తరం ఆలోచన బాగుంది. ఆ రోజు మీరు పక్కన ఉండకపోయినా, ఆమె చదివి తన పని తాను చేసుకోగలిగేలా ఉండాలి.

ముందు ఆ ‘చెడు రక్తం’ వాక్యం కొట్టేయండి. బయటకు వచ్చేది ఒంట్లో తిరిగే మంచి రక్తమే. దాంతోపాటు గర్భసంచి లోపలి పొర కూడా కొద్దిగా ఊడి వస్తుంది. ఇది చిన్న తప్పుగా అనిపించవచ్చు గానీ, నా దగ్గరికి వచ్చే అమ్మాయిల్లో సగం ఇబ్బందులు ఇక్కడే మొదలవుతాయి. చెడు రక్తం అనుకున్న పిల్ల, ఎంత ఎక్కువ పోతే అంత మంచిదనుకుని పదిహేను రోజులు పోతున్నా నోరు విప్పదు. ఒక నెల రాకపోతే ఆ చెడంతా లోపలే ఉండిపోయిందని భయపడుతుంది.

ఉత్తరం ఇలా రాసి చూడండి, మాటలు మీ ఇంటి తీరుకు మార్చుకోండి:

“చిన్నీ, ఒకరోజు బాత్‌రూమ్‌కి వెళ్లినప్పుడు నీ లోదుస్తుల మీద మరక కనిపిస్తుంది. ఎర్రగానే ఉండాలని లేదు, చాక్లెట్ రంగులో చిన్న మరకే ఉండొచ్చు. దెబ్బ తగల్లేదు, జబ్బు కాదు. ఆడపిల్లల కడుపులో కింది వైపు గర్భసంచి ఉంటుంది. దాని లోపల ఒక మెత్తటి పొర పెరుగుతుంది. బిడ్డ అవసరం లేనప్పుడు అది ఊడి, కొంచెం రక్తంతో కలిసి మూత్రం వచ్చే చోటు కింద ఉన్న ఇంకో దారి గుండా బయటకు వస్తుంది. నాకూ వస్తుంది, అమ్మమ్మకూ వచ్చేది.

“నీ బ్యాగులో నీలం సంచి పెట్టాను. అందులో ప్యాడ్లు, రెండు జతల లోదుస్తులు, పాత పేపర్లు ఉన్నాయి. ప్యాడ్ వెనుక కాగితం తీసి, జిగురు వైపు బట్టకు అంటించు. తక్కువే అయినా నాలుగైదు గంటలకోసారి మార్చు. తీసినదాన్ని పేపర్లో చుట్టి చెత్తబుట్టలో వెయ్యి, టాయిలెట్‌లో వెయ్యకు. ఆ సంచి దగ్గర లేకపోతే శుభ్రమైన కాటన్ రుమాలు మడిచి పెట్టుకుని మేడమ్‌ దగ్గరికి వెళ్లు. మరక పడిన బట్టలు చన్నీళ్లతో ఉతుకు, వేడి నీళ్లు పోస్తే మరక గట్టిపడుతుంది. తలస్నానం చెయ్యొచ్చు, ఆడుకోవచ్చు, అందరితో కూర్చుని తినొచ్చు. తర్వాత నాకు ఫోన్ చెయ్యి.”

ఇంతవరకు చాలు. అండం, హార్మోన్ల పాఠం రెండో ఉత్తరంలో రాయండి, లేదా సైన్సు టీచరుకు వదిలేయండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఫోన్ వచ్చిన రోజున బంధువులందరికీ చెప్పాలా, ఫంక్షన్ చెయ్యాలా అన్నది ముందు అమ్మాయిని అడగండి. ఊరి కూడలిలో తన ఫొటోతో ఫ్లెక్సీ పడుతుందన్న భయంతో నెలసరి వచ్చిన సంగతే దాచిన పిల్లల్ని చూశాను. చిమ్మిలి పెట్టడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు, నువ్వులూ బెల్లమూ మంచివే. పాలు, గుడ్లు, పప్పు, కూరలు ఎప్పటిలాగే పెట్టండి.

సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు ఒక పని చేయించండి. ఒక ప్యాడ్ విప్పి, రంగు కలిపిన నీళ్లు ఒక్క టీ చెంచాడు దాని మీద పోయమనండి. ఎంత దూరం పాకిందో చూస్తే, తర్వాత నిజంగా రక్తం చూసినప్పుడు అంత బెదిరిపోదు. ఒక నెలసరిలో పోయే రక్తం మొత్తం సగటున 30 నుంచి 40 మిల్లీలీటర్లు, అంటే ఆరు నుంచి ఎనిమిది టీ చెంచాలు. 80 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ కింద లెక్క. దీన్ని ఎవరూ కొలవలేరు కాబట్టి ప్యాడ్లనే గమనించమని చెప్పండి.

తేదీల విషయంలో తల్లులే ఎక్కువ టెన్షన్ పడతారు. నెలకోసారి ఠంచనుగా వస్తుందని ఉత్తరంలో రాయకండి. మొదటి ఒకటి రెండేళ్లు చాలా నెలల్లో అండం విడుదలే కాదు, మెదడు నుంచి వచ్చే సంకేతాలకూ అండాశయాలకూ పొందిక కుదరడానికి సమయం పడుతుంది. అందుకే రెండు నెలసరుల మధ్య 21 నుంచి 45 రోజుల వరకూ ఉండొచ్చు, మొదటిది అయ్యాక రెండోది రావడానికి ఇంకా ఆలస్యం కావొచ్చు. ఒకసారి మొదలయ్యాక 90 రోజులు దాటినా రాకపోతే మాత్రం చూపించండి. ఒక నోట్‌బుక్‌లో మొదలైన రోజు, ఆగిన రోజు, వాడిన ప్యాడ్లు రాసుకోమనండి. డాక్టరుకు అన్ని స్కానింగుల కన్నా ముందు పనికొచ్చేది అదే.

నొప్పి కూడా అండంతో ముడిపడిందే. అందుకే మొదటి నెలల్లో లేని నొప్పి ఆరు నెలలకో ఏడాదికో కొత్తగా రావచ్చు. పొత్తికడుపు మీద వేడినీళ్ల సంచి పెట్టుకుంటే తగ్గుతుంది. తగ్గక బడి మానాల్సి వస్తుంటే ఓర్చుకోమనకండి, డాక్టరును అడిగి ఆమె బరువుకు తగిన మోతాదులో నొప్పి మాత్ర వాడొచ్చు.

ఇక ఉత్తరం చివర మీరు గట్టిగా రాయాల్సింది ఒకటుంది. ప్యాడ్ గంట రెండు గంటలకే నిండిపోతుంటే, రూపాయి బిళ్ల కన్నా పెద్ద గడ్డలు పడుతుంటే, ఏడు రోజులు దాటినా ఆగకపోతే, కళ్లు తిరుగుతుంటే ఆ రోజే మేడమ్‌కి చెప్పాలి. ఇటీవల ఒక తల్లి తన పన్నెండేళ్ల పాపను తీసుకొచ్చింది. మొదటి నెలసరే పన్నెండు రోజులు పోయింది, హిమోగ్లోబిన్ ఏడుకు పడిపోయింది. వివరంగా అడిగితే, చిన్నప్పటి నుంచీ ముక్కు నుంచి రక్తం కారేదని, తల్లికి కాన్పు తర్వాత రక్తం ఆగక ఎక్కించారని బయటపడింది. గడ్డకట్టే గుణంలో పుట్టుకతో ఉన్న లోపం అది. మొదటి నెలసరే అలా బయటపెట్టింది. మందులు వాడుతోంది, బడికి వెళ్తోంది.

మీ ఇంట్లో పన్ను తీయించుకున్నప్పుడో కాన్పులోనో రక్తం ఆగక ఇబ్బంది పడినవాళ్లుంటే, పాపకు తరచూ ముక్కు నుంచి రక్తం కారుతుంటే, నెలసరి కోసం ఎదురు చూడకుండా ఈ సెలవుల్లోనే డాక్టరుకు ఆ సంగతి చెప్పి రక్త పరీక్ష చేయించండి.