మార్కోవ్ స్విచింగ్ మోడల్ మాంద్యాలను పట్టుకుంటోంది కానీ ఫోర్‌కాస్ట్ మెరుగుపడటం లేదు, ఎందుకు?

ప్రశ్న: అమెరికా జీడీపీ మీద రెండు రెజీమ్‌ల మార్కోవ్ స్విచింగ్ వేశాను. గ్రాఫ్‌లో మాంద్యాలు చక్కగా కనిపిస్తున్నాయి. ఫోర్‌కాస్ట్ మాత్రం మామూలు ఏఆర్ కన్నా ఏమంత మెరుగ్గా లేదు. త్రెషోల్డ్ మోడల్‌కి మారాలా?

జవాబు: మీరు చూస్తున్న గ్రాఫ్ బహుశా స్మూత్డ్ ప్రాబబిలిటీలది. అవి తర్వాతి త్రైమాసికాల డేటాను కూడా చూసి వేసినవి కాబట్టి అంత శుభ్రంగా ఉంటాయి. ఫోర్‌కాస్ట్ చేసే రోజున మన చేతిలో ఉండేది `filtered_marginal_probabilities` మాత్రమే. ముందు ఆ గ్రాఫ్ గీసి చూడండి, మలుపుల దగ్గర తడబాటు కనిపిస్తుంది. పారామీటర్లను కూడా అప్పటివరకు ఉన్న డేటాతోనే ప్రతిసారీ మళ్లీ అంచనా వేయాలి. నేను పనిలో ఇలాంటి మోడల్స్ పరిశీలించేటప్పుడు మొదట అడిగేది ఇదే.

ఇదంతా సరిచేసినా ఏఆర్‌తో పెద్ద తేడా రాకపోవచ్చు. హామిల్టన్ 1989 పేపర్ అంకెలే తీసుకుందాం. త్రైమాసిక వృద్ధి విస్తరణలో 1.16 శాతం, మాంద్యంలో −0.36 శాతం. విస్తరణ కొనసాగే ప్రాబబిలిటీ 0.905, మాంద్యం కొనసాగేది 0.755. ఇప్పుడు మాంద్యంలో ఉన్నామని 0.9 నమ్మకం ఉందనుకోండి. ఏఆర్ పదాలను పక్కన పెడితే, వచ్చే త్రైమాసికానికి:

```
P(మాంద్యం) = 0.9*0.755 + 0.1*0.095 = 0.69
సగటు = 0.69*(-0.36) + 0.31*1.16 = 0.11
```

నాలుగో త్రైమాసికానికి ఆ ప్రాబబిలిటీ దాదాపు 0.40కి దిగుతుంది, సగటు 0.55కి చేరుతుంది. దీర్ఘకాల సగటు ఎలాగూ 0.73 చుట్టూ ఉంది. దూరం త్రైమాసికానికి 0.66 వంతుకు తగ్గుతూ పోతుంది (0.905 + 0.755 − 1). సగటుకు మెల్లగా తిరిగి రావడం ఏఆర్ కూడా చేసే పనే, అందుకే ఆర్‌ఎంఎస్‌ఈలో మీకు తేడా కనబడటం లేదు.

అసలు సమాచారం ఆ 0.11లో లేదు. అది రెండు రెజీమ్‌లలో దేని సగటూ కాదు. ఒక వైపు −0.36 చుట్టూ, ఇంకో వైపు 1.16 చుట్టూ ఉన్న రెండు పంపిణీల మిశ్రమం అది. కాబట్టి వృద్ధి సున్నా కన్నా తగ్గే ప్రాబబిలిటీ, కింది 10 శాతం క్వాంటైల్ లాంటివి ఏఆర్‌తో పోల్చండి. లాభం ఉంటే అక్కడే బయటపడుతుంది.

ఇక త్రెషోల్డ్ విషయం. అందులో రెజీమ్‌ని ఊహించక్కర్లేదు. ఉదాహరణకు, రెండు త్రైమాసికాల కిందటి వృద్ధి సున్నా కన్నా తక్కువా కాదా అన్నదే నిర్ణయిస్తుంది. ఒక అడుగు ఫోర్‌కాస్ట్ సులువు. దూరం వెళ్లేకొద్దీ సగటునే మళ్లీ సమీకరణంలో పెట్టుకుంటూ పోతే తప్పు జవాబు వస్తుంది, ఎందుకంటే ఆ సగటు త్రెషోల్డ్ గీతకు ఒక పక్కనే ఉంటుంది, నిజమైన దారుల్లో కొన్ని అటు పక్కకు దాటతాయి. రెసిడ్యువల్స్ నుంచి యాదృచ్ఛికంగా తీస్తూ కొన్ని వేల దారులు సిమ్యులేట్ చేసి సగటు తీయాలి. పైగా సున్నా కిందుండే త్రైమాసికాలు తక్కువే, ఆ కొన్నిటి మీద నాలుగు ల్యాగ్‌లు వేస్తే కోఎఫిషియంట్లు నిలకడగా ఉండవు. నేనైతే కింది రెజీమ్‌లో ఒకటి రెండు ల్యాగ్‌లతో ఆపేస్తాను.

మీ డేటాలో 2020 ఉంటే ఏ మోడలైనా ఒక రెజీమ్‌ని ఆ రెండు మూడు త్రైమాసికాలకే కేటాయించేసే ప్రమాదం ఉంది, మామూలు మాంద్యాలన్నీ విస్తరణలో కలిసిపోతాయి. 2019 చివరి వరకే ఒకసారి వేసి రెజీమ్ సగటులు పోల్చండి. బాగా మారిపోయి ఉంటే, మోడల్ మార్చే ముందు ఆ త్రైమాసికాలకు డమ్మీలు పెట్టండి.