చాక్లెట్ ప్రీ-ఆర్డర్ పోస్టుల్లో ‘ఆలస్యం’ సంగతి ఎలా రాయాలి?

ప్రశ్న: కోకో గింజల నుంచి సొంతంగా చిన్న బ్యాచ్‌ల్లో చాక్లెట్ చేస్తాను. ప్రీ-ఆర్డర్ పెడితే నెల పైనే ఆగాలి. ఆ సంగతి పోస్టుల్లో చెబితే జనం వెనక్కి తగ్గుతారేమోనని టెన్షన్. ఎదురుచూపు పెరిగేలా ఎలా రాయాలి?

జవాబు: నేనూ ఈ పనే చేస్తాను, పోస్టులూ నేనే రాసుకుంటాను. నాకు అర్థమైందేంటంటే, నెల ఆగడం కన్నా ఆ నెలంతా ఏం జరుగుతోందో తెలియకపోవడమే కొనేవాళ్లని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. అందుకే రాయడం మొదలుపెట్టే ముందు మీ గ్రైండర్ లెక్క తీయండి, తేదీ అక్కడి నుంచే వస్తుంది.

70 శాతం డార్క్ చాక్లెట్, 10 కిలోలు పట్టే స్టోన్ గ్రైండర్ అనుకుందాం. 7 కిలోల కోకో పలుకులు, 3 కిలోల పంచదార. వేయించి పొట్టు తీస్తే బరువు తగ్గుతుంది కాబట్టి ఆ 7 కిలోలకి సుమారు 9 కిలోల గింజలు కావాలి. వేయించడం, పొట్టు తీయడం ఒక రోజు, రుబ్బడం రెండు రోజులు, అంటే మూడు రోజులకో బ్యాచ్. 50 గ్రాముల బార్లు లెక్కకి 200 రావాలి గానీ రాళ్లకీ గిన్నెకీ అంటుకునేది, రుచి చూసేది పోగా 180 అనుకోండి. 540 బార్లకి ఆర్డర్లు వస్తే మూడు బ్యాచ్‌లు. ఒక్కో బ్యాచ్‌కి మూడు వారాల విశ్రాంతి, ఆ తర్వాత టెంపరింగ్, మోల్డుల్లో పోయడం, చుట్టడం రెండు రోజులు. మొదటిది 26వ రోజుకి, రెండోది 29కి, మూడోది 32కి సిద్ధమవుతాయి. దానిమీద ఇంకో వారం కలిపి చెప్పండి, ఎందుకో కింద రాస్తాను.

ఇక మొదటి పోస్టు. "త్వరలో పంపుతాం" లాంటి మాట అసలు వద్దు. నేనైతే ఇలా రాస్తాను: "ఆర్డర్లు ఆదివారం రాత్రి మూసేస్తాం, సోమవారం గింజలు వేయిస్తాం. ముందు వచ్చిన 180 బార్లు మొదటి బ్యాచ్, అవి ఐదో వారం చివరికి బయల్దేరతాయి. రెండు, మూడు బ్యాచ్‌లు ఆరో వారంలో. మీది ఏ బ్యాచో ఆర్డర్ మెసేజ్‌లోనే ఉంటుంది." ఇది డబ్బు కట్టకముందే కనపడాలి, కట్టాక తెలిస్తే మోసపోయినట్టే అనిపిస్తుంది. ఆర్డర్లు నిండకపోయినా "కొన్నే మిగిలాయి" అని రాయకండి, మీ గ్రైండర్ పరిమితి నిజంగానే ఉంది, ఆ అంకె చెబితే చాలు.

వేయించడం, రుబ్బడం వీడియోలకి బాగుంటాయి, వాటి గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. కష్టమంతా ఆ విశ్రాంతి మూడు వారాలతోనే, ఎందుకంటే చాక్లెట్ దిమ్మలు డబ్బాల్లో ఊరికే ఉంటాయి, చూపించడానికి ఏమీ ఉండదు, సరిగ్గా అప్పుడే "నా ఆర్డర్ ఎక్కడ?" అనే మెసేజ్‌లు మొదలవుతాయి. అక్కడ రుచి గురించి రాయండి. రుబ్బిన కొత్తలో పులుపూ వగరూ విడివిడిగా గుచ్చుతాయి, కొన్ని వారాలకి అవి మెత్తబడి కలుస్తాయి (అందరు తయారీదారులూ ఇలా ఆగరు, మీరెందుకు ఆగుతున్నారో చెప్పడానికి ఇదే చోటు). వారానికోసారి అదే దిమ్మ నుంచి చిన్న ముక్క విరిచి తిని, నోటికి తగిలింది తగిలినట్టు రెండు వాక్యాలు పెట్టండి: "ఈ వారం ఎండుద్రాక్ష పులుపు ముందు వస్తోంది, చివర్లో వగరు ఇంకా ఉంది." తేడా ఏమీ తెలియకపోతే తెలియలేదనే రాయండి. పోయిన వారం ముక్క గుర్తున్నవాళ్లు వచ్చే వారం పోస్టు కోసం వాళ్లే వెతుక్కుంటూ వస్తారు.

వారం అదనంగా కలపమన్నది టెంపరింగ్ కోసం. డార్క్ చాక్లెట్‌ని 45-50 డిగ్రీలకి కరిగించి, 27-28కి దించి, మళ్లీ 31-32కి తెస్తాం కదా, అక్కడ తప్పితే బార్ మీద తెల్లటి చారలొస్తాయి, టక్కున విరగదు, మోల్డు వదలదు. కాగితం మీద చుక్క వేసి చూడండి, ఐదు నిమిషాల్లో మెరుస్తూ గట్టిపడకపోతే పోయడం ఆపేయండి. అది పాడైనట్టు కాదు, మళ్లీ కరిగించి చేయొచ్చు, పోయేది సమయమే. అదనపు వారం కూడా దాటేలా ఉంటే అదే రోజు పోస్టు పెట్టండి, చారలున్న బార్ ఫోటోతో సహా: "రెండో బ్యాచ్ టెంపర్ కుదరలేదు, మళ్లీ కరిగిస్తున్నాం. ఆరో వారం కాదు, ఏడో వారం బుధవారం పంపుతాం. ఆగలేనివాళ్లు చెబితే పూర్తి డబ్బు వెనక్కి ఇస్తాం." కారణం, కొత్త తేదీ, డబ్బు వెనక్కి, మూడూ ఒకే పోస్టులో ఉండాలి. రెండో బ్యాచ్‌వాళ్లకి విడిగా మెసేజ్ కూడా పంపండి, అందరూ పోస్టులు చూడరు.