హోటల్ ఖాళీ చేసి పది రోజులైనా కార్డులో 21,000 ఎందుకు ఇరుక్కుంది

అల్లుడూ,

నిన్న ఫోన్‌లో పిల్లల గోలలో సగం వినపడలేదు కానీ, రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్‌లు, ఆ స్లిప్ ఫోటో చూశాక విషయం మొత్తం అర్థమైంది. ముందు ఒకటి చెప్తా, టెన్షన్ తగ్గించుకో. ఆ 21,000 ఎవరూ తినలేదు, హోటల్ ఖాతాలోకి కూడా వెళ్లలేదు. నీ బ్యాంకు దగ్గరే, నీ లిమిట్‌లోనే, తాళం వేసి ఉంది. ఆ తాళం ఎవరు తీయాలి, ఎప్పుడు తీస్తారు అన్నదే నీకు తెలియాల్సింది. బెంగళూరులో హోటల్ రిసెప్షన్‌లో ఏళ్ల తరబడి ఆ కార్డు మెషీన్ ముందే కూర్చున్నాను కాబట్టి అవతలి పక్క ఏం జరుగుతుందో నీకు వివరంగా రాస్తున్నా.

నువ్వు చెప్పిన లెక్కే తీసుకుందాం. 3వ తేదీన దేవనహళ్లి దగ్గర హోటల్లో దిగావు, మూడు రాత్రులు. రూముకు పన్నులతో కలిపి 15,000. దిగేటప్పుడు రిసెప్షన్‌లో క్రెడిట్ కార్డు తీసుకుని, దాని మీద రోజుకు 2,000 చొప్పున భోజనాలు, బట్టలుతుకుడు లాంటి ఖర్చులకు కలిపి 21,000కి ప్రీ-ఆథ్ కొట్టారు. నువ్వు పిన్ నొక్కావు, స్లిప్ ఇచ్చారు. ఆ స్లిప్ మీద SALE అని లేదు, PRE AUTH అని ఉంది చూడు. అంటే మెషీన్ నీ బ్యాంకును "ఈయన కార్డులో 21,000 పక్కన పెట్టండి, తర్వాత అసలు బిల్లు చెప్తాం" అని అడిగింది, బ్యాంకు సరేనని ఒక అప్రూవల్ కోడ్ ఇచ్చింది. కింద APPR CODE పక్కన ఆరు అక్షరాలో అంకెలో ఉన్నాయే, అదే. ఇంత వరకు తప్పేమీ లేదు, ఏ పెద్ద హోటలైనా ఇలాగే చేస్తుంది.

తిరకాసు 6వ తేదీ పొద్దున జరిగింది. అసలు బిల్లు 16,200 అయింది, నువ్వు తొందరలో ఉండి యూపీఐతో కట్టేసి వచ్చావు. రిసెప్షన్ కుర్రాడు డబ్బు వచ్చింది చూసుకుని బిల్లు మూసేశాడు. కానీ కార్డు మీద పెట్టిన ప్రీ-ఆథ్‌ను రద్దు చేయలేదు. యూపీఐ దారి వేరు, కార్డు దారి వేరు. నీ కార్డు బ్యాంకుకు నువ్వు బిల్లు కట్టిన సంగతి తెలిసే అవకాశమే లేదు. దానికి తెలిసిందల్లా హోటల్ 21,000 పక్కన పెట్టమంది, ఆ తర్వాత మళ్లీ ఏమీ చెప్పలేదు అన్నది. అందుకే 16న స్కూల్ ఫీజు 45,000 కట్టబోతే కార్డు ఒప్పుకోలేదు. 60,000 లిమిట్‌లో 21,000 పోతే 39,000 మాత్రమే మిగిలింది మరి.

అదే కార్డుతో కట్టి ఉంటే కుర్రాడు మెషీన్లో ఆ పాత అప్రూవల్ కోడ్ కొట్టి, 16,200కి కంప్లీషన్ చేసేవాడు. అప్పుడు పక్కన పెట్టిన 21,000లోంచి 16,200 నిజంగా కోతపడి, మిగతా 4,800 వదిలేస్తుంది బ్యాంకు. ఇక్కడ కూడా కొందరు ఒక తప్పు చేస్తారు. పాత కోడ్ వెతకడానికి బద్ధకించి, అదే కార్డును మళ్లీ పెట్టించి కొత్తగా సేల్ కొడతారు. అలా చేస్తే బ్యాంకుకు రెండింటికీ సంబంధం కనపడదు, 16,200 బిల్లూ పడుతుంది, 21,000 పక్కనా ఉంటుంది, మొత్తం 37,200 ఇరుక్కుంటుంది. ఒకే కార్డుతో కట్టినా లిమిట్ తిరిగి రాలేదని ఎవరైనా అంటే నేను మొదట అనుమానించేది దీన్నే. బిల్లు కట్టిన స్లిప్ మీద SALE అని ఉండి, కోడ్ దిగేటప్పటి కోడ్ కాకుండా వేరేది ఉంటే అదే జరిగిందని అర్థం.

ఇప్పుడు నీ డబ్బు ఎప్పుడు వదులుతారో చెప్తా. మామూలుగా మూడు దారులున్నాయి.

మొదటిది, హోటలే రద్దు చేయడం. రిసెప్షన్ వాళ్లు మెషీన్లో ఆ ప్రీ-ఆథ్‌ను రద్దు చేస్తే ఆ కబురు వాళ్ల బ్యాంకు నుంచి కార్డు నెట్‌వర్క్ మీదుగా నీ బ్యాంకుకు చేరుతుంది. కొన్ని బ్యాంకుల్లో వెంటనే లిమిట్ పెరుగుతుంది, కొన్నిట్లో కొన్ని రోజులు పడుతుంది. కానీ మీదానిలాగా పది రోజులు దాటితే ఆ మెషీన్లో పాత లావాదేవీ దొరకకపోవచ్చు. అప్పుడు వాళ్లు తమ బ్యాంకుకు, అంటే ఆ మెషీన్ ఇచ్చిన బ్యాంకుకు మెయిల్ పెట్టి రద్దు చేయించాలి. "మా మెషీన్లో కనపడట్లేదు సార్" అంటే పని అయిపోయినట్టు కాదు, అది అక్కడితో వదిలేయకు.

రెండోది, హోటల్ ఇచ్చే లెటర్‌తో నీ బ్యాంకే వదిలేయడం. నీకు ఇప్పుడు ఎక్కువ పనికొచ్చేది ఇదే అని నా ఉద్దేశం. హోటల్ లెటర్‌హెడ్ మీద, లేదా హోటల్ సొంత మెయిల్ నుంచి, కార్డు చివరి నాలుగు అంకెలు, ప్రీ-ఆథ్ తేదీ, మొత్తం 21,000, అప్రూవల్ కోడ్ రాసి, "ఈ మొత్తం మాకు అవసరం లేదు, కార్డుదారుడి బిల్లు వేరే విధంగా పూర్తిగా ముట్టింది, దయచేసి హోల్డ్ వదలండి" అని రాయించుకో. కార్డు నంబరు మొత్తం ఎక్కడా రాయనివ్వకు. ఆ మెయిల్‌ను, నీ యూపీఐ రసీదును, ఫైనల్ బిల్లును కలిపి కార్డు బ్యాంకు కస్టమర్ కేర్‌కు పంపి ఫిర్యాదు నంబరు తీసుకో. అన్ని బ్యాంకులూ ఒకేలా ఒప్పుకోవు, కొన్ని నేరుగా అవతలి బ్యాంకుతో మాట్లాడి ఖాయం చేసుకున్నాకే వదులుతాయి. అయినా కోడ్ ఉంటే పని కదులుతుంది, కోడ్ లేకపోతే "చూస్తాం సార్" దగ్గరే ఆగిపోతుంది.

మూడోది, ఎవరూ ఏమీ చేయకపోయినా గడువు తీరి అదే ఊడిపోవడం. మామూలు కొనుగోళ్ల కంటే హోటళ్లకు, అద్దె కార్లకు కార్డు నెట్‌వర్క్‌లు ఎక్కువ గడువు ఇస్తాయి, దాదాపు 30 రోజుల దాకా. మనిషి ఎక్కువ రోజులు ఉండొచ్చు, కారు ఆలస్యంగా తిరిగి రావొచ్చు అని. నీ బ్యాంకు తన సొంత లెక్కతో అంతకు ముందే వదిలినా వదలొచ్చు. నీ లెక్కన 3వ తేదీ నుంచి 30 రోజులు అంటే వచ్చే నెల మొదట్లో మామూలుగా అదే వదిలిపోవాలి. ఖాళీ చేసిన రోజు నుంచి కాదు, ప్రీ-ఆథ్ కొట్టిన రోజు నుంచి లెక్కపెట్టు. మధ్యలో హోటల్ వాళ్లు రోజులు పెంచి మళ్లీ కొంత బ్లాక్ చేసి ఉంటే ఆ మొత్తానికి లెక్క మారొచ్చు.

నువ్వు కస్టమర్ కేర్ వాళ్లతో "రిఫండ్ రాలేదు" అన్నావట. అలా అడిగితే వాళ్లు రిఫండ్ కోసం స్టేట్‌మెంట్‌లో వెతుకుతారు, అక్కడ ఏమీ ఉండదు, "లావాదేవీయే లేదు సార్, హోటల్‌ను అడగండి" అంటారు. హోటల్ వాళ్లు "మేం డబ్బు తీసుకోనే లేదు, బ్యాంకును అడగండి" అంటారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు, మధ్యలో నువ్వు తిరుగుతున్నావు. "ప్రీ-ఆథ్ హోల్డ్ 21,000, ఫలానా కోడ్, ఫలానా తేదీ, ఇంకా వదల్లేదు" అని అడుగు. కార్డు యాప్‌లో పెండింగ్ అని కనిపిస్తే హోల్డ్, స్టేట్‌మెంట్‌లో పడిందంటే నిజంగా కోతపడ్డట్టు. హోల్డ్ మీద డిస్ప్యూట్ వేయడానికి లేదు, కోత పడ్డాకే అది పనిచేస్తుంది. బిల్లు రాలేదు కాబట్టి దీని మీద వడ్డీ కూడా లేదు.

మన రమణ అన్న కొడుకు సొంతంగా నడుపుకునే కారు తీసుకున్నప్పుడు జరిగింది వేరు. కారు కంపెనీలు కొన్ని డిపాజిట్‌ను హోల్డ్ చేయకుండా సేల్‌గానే కొట్టి తీసుకుంటాయి, టోల్, చలాన్లు, గీతలు చూసుకుని తర్వాత వెనక్కి పంపుతాయి. అక్కడ అడగాల్సింది రిఫండే. పంపించాం అంటే ఏఆర్‌ఎన్ నంబరు ఇమ్మను, 23 అంకెలుంటుంది. అది నీ బ్యాంకుకు చెప్తే రిఫండ్ ఎక్కడుందో వెతికి పట్టుకోగలరు. నీ హోటల్ విషయంలో ఏఆర్‌ఎన్ అడిగితే దొరకదు, ఎందుకంటే డబ్బు కదల్లేదు.

ఇంకొకటి. ఈసారి క్రెడిట్ కార్డు కాబట్టి లిమిట్ తగ్గడంతో పోయింది. జీతం పడే ఖాతా డెబిట్ కార్డు మాత్రం హోటల్ కౌంటర్లో ఇవ్వకు. అక్కడ ఇరుక్కునేది నీ సొంత డబ్బు, పాస్‌బుక్‌లో మొత్తం ఉన్నట్టే కనపడొచ్చు గానీ వాడుకోవడానికి ఉండేది తక్కువ. 5వ తేదీ ఇంటి లోన్ ఈఎంఐ వెళ్లాల్సిన రోజు ఆ తేడా వల్ల ఆటో డెబిట్ తిరిగిపోతే, బ్యాంకుకు పెనాల్టీ వేరు, లోన్ ఇచ్చిన వాళ్లకు వేరు, సిబిల్‌లో మచ్చ వేరు.

ఇక మీదట దిగేటప్పుడే "ప్రీ-ఆథ్ ఎంత కొడుతున్నారు" అని అడిగి ఆ స్లిప్ దాచుకో. వెళ్లేటప్పుడు అదే కార్డు మీద అదే కోడ్‌తో కంప్లీషన్ చేయించు. యూపీఐతోనే కట్టాలనుకుంటే, ముందు వాళ్లతో ప్రీ-ఆథ్ రద్దు చేయించి VOID స్లిప్ చేతికి తీసుకున్నాకే ఫోన్ తీయి. లైన్లో వెనక మనిషి విసుక్కున్నా సరే.

ఇప్పుడు చేయాల్సింది: ఈ పూటే హోటల్ మేనేజర్‌కు మెయిల్ పెట్టు, రిసెప్షన్ కుర్రాడికి కాదు, నేను రాయించుకోమన్న లెటర్‌ ఇమ్మని అడుగు. దాంతో బ్యాంకులో ఫిర్యాదు నమోదు చెయ్యి. ఫిర్యాదు చేసి 30 రోజులైనా బ్యాంకు జవాబివ్వకపోతే, లేదా జవాబు నచ్చకపోతే, cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, కానీ దీనికి అంత దూరం పోవాల్సి వస్తుందనుకోను. ఫీజు గడువు శుక్రవారం అన్నావు కదా, అంతలోపు హోల్డ్ వదలకపోతే ఆ కార్డుతో మళ్లీ మళ్లీ ప్రయత్నించకు. 39,000 దాకా కార్డు మీద పోతుంది, స్కూల్ వాళ్లు రెండు భాగాలుగా తీసుకుంటారేమో అడిగి మిగతా 6,000 మీ అత్త ఖాతా నుంచి వేయించుకో, ఆమెకు నేను చెప్పాను.

మీ మామ,
సాయినగర్, అనంతపురం