నుదుటి మీద 95, నోట్లో 99: పాడైంది ఏది?

"సాయంత్రం మా అత్తగారికి ఒళ్లు వెచ్చగా ఉందని చూస్తే నుదుటి గన్ 95.4 చూపించింది. డిజిటల్ థర్మామీటర్ చంకలో 98.2, నోట్లో 99.4. ఏది పాడైనట్టు? అసలు నార్మల్ ఎంత?"
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

డిజిటల్ థర్మామీటర్ బాగానే ఉందండీ. చంక అంటే చర్మం, నాలుక కింద అంటే రక్తనాళాలు దగ్గరగా ఉన్న లోపలి చోటు. అందుకే చంకలో మామూలుగా అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ తక్కువ వస్తుంది. చెమట తుడవకుండా పెడితే ఇంకాస్త తగ్గుతుంది.

అనుమానించాల్సింది గన్‌నే. అది నుదుటి చర్మం నుంచి వచ్చే పరారుణ కిరణాలను కొలుస్తుంది. నుదురు సాధారణంగా 92 నుంచి 95 డిగ్రీల మధ్యే ఉంటుంది. దానికి కొంత కలిపి, ఒంటి లోపలి వేడి ఇంత ఉండొచ్చని గన్ అంచనా వేసి చూపిస్తుంది. Body మోడ్ చేసే పని ఇదే. పొరపాటున Surface మోడ్‌లో ఉంటే ఏమీ కలపకుండా చర్మం వేడినే చూపిస్తుంది. మీ 95.4 అచ్చం అలాగే ఉంది. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన పెరుగు డబ్బాకి గన్ పెట్టి చూడండి. Body మోడ్‌లో చాలా గన్లు Lo అంటాయి. 45, 50 లాంటి అంకె వస్తే Surface మోడ్‌లో ఉన్నట్టే.

మోడ్ సరిగ్గానే ఉంటే చెమట కారణం కావచ్చు. మన ఎండల్లో చెమట పట్టిన నుదుటికి ఫ్యాను గాలి తగిలితే చర్మం చల్లబడిపోతుంది. తుడిచి, ఫ్యాను ఆపి, పావుగంట ఆగి చూడండి. ఏసీ గదిలోంచి తెచ్చిన గన్‌నూ అంతసేపు అదే గదిలో ఉంచాలి.

ఇక నార్మల్ సంగతి. 98.6 అనేది 1868లో జర్మన్ వైద్యుడు వుండర్‌లిష్ ప్రకటించిన సగటు. పెద్దవాళ్లకు నోట్లో 97 నుంచి 99 దాకా మామూలే. తెల్లవారుజామున తక్కువగా, సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్య ఎక్కువగా ఉంటుంది. కాబట్టి సాయంత్రం 99.4 ఒక్కటే చూసి జ్వరం అనలేం. నోట్లో 100 దాటితే జ్వరమే. చంకలో అయితే 99 దాటినా జ్వరం అని అనుమానించాలి. చెవి థర్మామీటర్‌కి హద్దు 100.4. అది కర్ణభేరి వేడిని చూస్తుంది కాబట్టి చెవి డొప్పను పైకి, వెనక్కి లాగి పెట్టాలి. లేకపోతే చెవి గోడను చూసి తక్కువ చెబుతుంది.

మీ అత్తగారి విషయంలో ఒక్క మాట. వయసు మళ్లినవాళ్లకు మామూలు వేడే తక్కువ. ఒంట్లో బాగున్న రోజున, అదే వేళకు, టీ గానీ మజ్జిగ గానీ తాగి అరగంట అయ్యాక నోట్లో చూసి రాసిపెట్టుకోండి. ఆ రోజు 97.2 వస్తే, మీరు రాసిన 99.4 రెండు డిగ్రీలకు పైగా పెరిగినట్టు. అప్పుడు 100 దాటలేదని ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి.